తీపి మానేసిన లెక్చరర్ గారికి కొత్త పిప్పి పళ్ళు ఎందుకు వచ్చాయి: ఒక కేస్

ఈ కేస్ రాయడానికి పేషెంట్ ఒప్పుకున్నారు. ఊరు, కాలేజీ, ఆయన చెప్పే సబ్జెక్టు, ఇంటి వివరాలు తీసేశాను, నోటికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నా. తోటి డెంటిస్టులకే కాదు, "మేము తీపే తినం, మరి పళ్ళెందుకు పుచ్చుతున్నాయి" అని అడిగే మామూలు వాళ్ళకి కూడా పనికొస్తుందని కాస్త విడమర్చి రాస్తున్నా.

ఆయన ఎవరు, ఏంటి ఇబ్బంది

వయసు నలభై దాటింది, కోస్తాలో ఒక టౌన్‌లో ప్రైవేట్ జూనియర్ కాలేజీ లెక్చరర్. పొద్దున ఎనిమిదింటికి మొదలైతే ఒంటిగంట దాకా క్లాసులు, మళ్ళీ మూడింటి నుంచి రాత్రి ఏడున్నర దాకా స్టడీ అవర్లూ డౌట్లూ. సిగరెట్ లేదు, గుట్కా లేదు, కిళ్ళీ కూడా వేయరు. రెండు పూటలా బ్రష్ చేస్తారు, పాచి కూడా పెద్దగా లేదు. వాళ్ళ నాన్నగారికి షుగర్ వచ్చి కాలు దాకా వెళ్ళిందట, ఆ భయంతో రెండేళ్ళుగా పంచదార పూర్తిగా మానేశారు. టీ చప్పగా తాగుతారు, పండగకి బూరె చేతిలో పెడితే పక్కన పెట్టేస్తారు. బ్లడ్ షుగర్ టెస్టులు నార్మల్‌గానే ఉన్నాయి.

విచిత్రం ఏంటంటే ఆ తీపి మానేసిన రెండేళ్ళలోనే ఆయన పళ్ళు పాడయ్యాయి. అంతకుముందు ఎప్పుడో ఒక సిమెంట్ పెట్టించుకున్నారు అంతే. ఈ రెండేళ్ళలో వేరే చోట్ల ఐదు ఫిల్లింగులు, ఒక రూట్ కెనాల్ అయ్యాయి. నా దగ్గరకి వచ్చింది కుడివైపు చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమని లాగుతోందని, పెట్టిన సిమెంట్ పక్కనే మళ్ళీ అన్నం ఇరుక్కుంటోందని. వాళ్ళావిడ కూడా వెంట వచ్చారు. ఆవిడ అన్న మాట రాస్తాను, ఎందుకంటే కేస్ మొత్తం ఆ మాటలోనే ఉంది: "డాక్టర్ గారూ, నేను రెండు పూటలా కాఫీలో రెండేసి స్పూన్లు వేసుకుంటాను, మధ్యాహ్నం అన్నం తిన్నాక లడ్డూయో కాజాయో ఉండాల్సిందే నాకు, నా పళ్ళకి ఏమీ కాలేదు, ఏదీ ముట్టని ఈయనకేమో ఇలా అవుతోంది, ఇదేం న్యాయమండి?"

ఆవిడ నోరు కూడా చూశాను. చదువుకునే రోజుల్లో పెట్టించుకున్న ఒక్క ఫిల్లింగ్ తప్ప శుభ్రంగా ఉంది.

నోట్లో కనిపించింది

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను. పిప్పి పళ్ళు ఎన్ని ఉన్నాయి అన్నది చూసి ఆగిపోతే కారణం దొరకదు, ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి.

మామూలుగా పెద్దవాళ్ళలో పుచ్చు దవడ పళ్ళ పైన గాడుల్లోనో, పన్నుకీ పన్నుకీ మధ్య సందులోనో వస్తుంది. ఈయనకి కొత్తగా వచ్చినవి దాదాపు అన్నీ కుడివైపే, అదీ బుగ్గకి ఆనుకునే వైపు, చిగురు అంచు దగ్గర. కింది దవడ పళ్ళు రెండింటికి, పైన రెండింటికి, ఒకే వరసలో. పన్ను మీద ఎయిర్ సిరంజితో అయిదారు సెకన్లు గాలి కొట్టి ఆరబెడితే చిగురు పక్కనే సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి పట్టీ బయటపడింది, మెరుపు లేదు, గుండు కొన ఉన్న ప్రోబ్‌ని మెల్లగా జరిపితే గరగరలాడుతోంది. అంటే అక్కడ పన్ను పైనుండే గట్టి పొర ఎనామెల్ లోంచి ఖనిజం ఇప్పుడు కూడా పోతోందన్నమాట. పాతబడి ఆగిపోయిన మచ్చ అయితే నున్నగా మెరుస్తుంది, ఒక్కోసారి గోధుమరంగు పడుతుంది. ఎడమవైపు ఇలాంటివి ఒకటే, అదీ చిన్నది. బ్రష్ సరిగ్గా చేయకపోవడమే కారణమైతే రెండు వైపులా ఎంతోకొంత ఉండాలి కదా, పైగా ఈయన కుడిచేతివాటం, అలాంటివాళ్ళకి పాచి సాధారణంగా కుడివైపే కొంచెం ఎక్కువ మిగులుతుంది, అది ఒప్పుకుంటాను, కానీ ఇంత తేడా రాదు. ఒకే వైపు, బుగ్గ వైపు, చిగురు అంచున వరసగా ఉన్నాయంటే అక్కడ ఏదో రోజూ కూర్చుంటోంది.

రెండో సంగతి, నా అద్దం ఆయన బుగ్గ లోపలికి అంటుకుపోయింది. లాలాజలం బాగా ఉన్న నోట్లో అద్దం జారుతుంది. అందుకని కొలిచాను. పెద్ద మిషన్లేం అక్కర్లేదు, కదలకుండా తల వంచి కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు నోట్లో చేరింది చేరినట్టు కొలతలున్న కప్పులోకి వదలమనడమే. మామూలుగా నిమిషానికి 0.3 నుంచి 0.4 ఎంఎల్ దాకా వస్తుంది, 0.1 కంటే తక్కువైతే నోరు నిజంగా ఎండిపోయిందని లెక్క. ఈయనకి అయిదు నిమిషాల్లో ఒక ఎంఎల్ కూడా నిండలేదు, అంటే 0.2 లోపే. మందులేమన్నా వాడుతున్నారా అంటే "ఏం లేవండి" అన్నారు.

"నోట్లో ఏమన్నా పెట్టుకుంటారా సర్, క్లాసులో?" అని అడిగాను. తీపి తింటారా అని అడిగి ఉంటే లేదనే చెప్పేవారు, అబద్ధం కాదు అది, ఆయన లెక్కలో ఆయన తినట్లేదు. కాస్త ఆలోచించి జేబులోంచి గొంతు బిళ్ళల షీట్ తీశారు. "గొంతు ఎండిపోతుందండి, మాట రాదు, ఇది బుగ్గన పెట్టుకుంటే క్లాసు నడిచిపోతుంది." ఏ బుగ్గన అంటే ఒక్క క్షణం నాలుక ఆడించి చూసుకుని కుడి బుగ్గ మీద వేలు పెట్టారు.

డైరీ, లెక్క

అప్పటిదాకా పాత చోట్ల ఏం చేశారంటే పుచ్చిన చోట ఫిల్లింగ్, మౌత్‌వాష్, బ్రష్ మార్చడం, "స్వీట్లు తగ్గించండి" అనే సలహా. తీపి ఆల్రెడీ మానేసిన మనిషికి ఆ సలహాతో ఏం ఉపయోగం? మౌత్‌వాష్‌తో పళ్ళ మీద మరకలు పడ్డాయి, పుచ్చు ఆగలేదు.

నేను మూడు రోజుల డైరీ రాయమన్నాను, రెండు కాలేజీ రోజులు, ఒక ఆదివారం. నియమం ఒక్కటే: మంచినీళ్ళు తప్ప ఏది నోట్లోకి వెళ్ళినా టైమ్ రాయాలి, ఎంత తిన్నారో రాయకపోయినా పర్లేదు. మేడమ్‌ని కూడా రాయమన్నాను, పోల్చడానికి.

ఆయన కాలేజీ రోజు చూస్తే మూడు భోజనాలు, రెండు చప్పటి టీలు, పదకొండు బిళ్ళలు. బిళ్ళ ఒక్కోటి రెండున్నర గ్రాములు, దాదాపు అంతా పంచదారే. అంటే రోజుకి 27, 28 గ్రాములు. మేడమ్‌ది కాఫీలో నాలుగు స్పూన్లు, లంచ్ తర్వాత స్వీటు, తక్కువలో తక్కువ 40 గ్రాములు, స్వీటు పెద్దదైతే ఇంకా ఎక్కువే. గ్రాములు చూస్తే ఆవిడవే పళ్ళు పుచ్చాలి. కానీ ఆవిడ తీపి మూడుసార్లలో అయిపోతోంది: టిఫిన్‌తో కాఫీ, అన్నం తర్వాత స్వీటు, సాయంత్రం కాఫీ. ఈయనది పదకొండుసార్లు.

ఈ తేడా ఎందుకంత పెద్దదో తెలియాలంటే పాచిలో ఏం జరుగుతుందో చూడాలి. 1940లలో అమెరికాలో స్టీఫన్ అనే ఆయన గ్లూకోజ్ నీళ్ళతో పుక్కిలింపించి పాచిలో పీహెచ్ ఎలా మారుతుందో కొలిచారు. పీహెచ్ అంటే యాసిడ్ కొలత, అది ఎంత కిందకి పోతే యాసిడ్ అంత ఎక్కువ. ఆ గ్రాఫుని ఇప్పటికీ స్టీఫన్ కర్వ్ అనే అంటాం. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ ఢమాల్న పడిపోతుంది, తర్వాత లాలాజలం ఆ యాసిడ్‌ని మెల్లగా కడిగి, విరిచి, అరగంట నుంచి గంట లోపు మళ్ళీ పైకి తెస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే కిందకి పోయినంతసేపూ ఎనామెల్ లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ బయటకి కరుగుతూ ఉంటాయి, పైకి వచ్చాక లాలాజలంలో ఉన్న అవే ఖనిజాలు తిరిగి లోపలికి చేరతాయి, ఫ్లోరైడ్ ఉంటే ఇంకా గట్టిగా చేరతాయి. అందరి నోట్లోనూ రోజూ ఈ పోవడం రావడం నడుస్తూనే ఉంటుంది. పోయే టైమ్ వచ్చే టైమ్ కంటే ఎక్కువై, అది నెలల తరబడి సాగితేనే పన్ను పుచ్చుతుంది.

మరి ఎక్కువ పంచదార తింటే ఎక్కువ యాసిడ్ రాదా అంటే, కొంతవరకే. పాచి ఒక పలచటి పొర, అందులో ఉన్న బాక్టీరియా ఒకసారికి వాడుకోగలిగింది కొంతే. చిన్న బిళ్ళలో ఉన్న పంచదారే వాటికి ఆ పూటకి సరిపోతుంది. దాని మీద ఇంకో నాలుగు స్పూన్లు పోసినా పీహెచ్ నాలుగింతలు కిందకి పోదు, ఎక్కువైంది మింగేస్తాం, పైగా బాగా యాసిడ్ అయ్యాక ఆ బాక్టీరియా పనే నెమ్మదిస్తుంది. అంటే ఆ గ్రాఫులో ఒక్కసారిగా తిన్న పెద్ద లడ్డూ ఒక గుంట, ఒక్క చిన్న బిళ్ళ కూడా దాదాపు ఒక గుంటే. గుంట ఎంత లోతు అన్నదానికంటే రోజుకి ఎన్ని గుంటలు పడ్డాయి అన్నదే పన్నుకి ముఖ్యం.

ఇది ఆయనకి చెప్పడానికి ఒక గ్రాఫ్ పేపర్ తీసుకుని పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గీత గీశాను. బిళ్ళ కరగడానికి పది నిమిషాలు, అది అయిపోయాక కోలుకోవడానికి అరగంట, మొత్తం నలభై నిమిషాల చొప్పున డైరీలో ఉన్న ప్రతి బిళ్ళకీ ఎర్రపెన్నుతో రంగు వేయమని ఆయనకే ఇచ్చాను. ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా పేపర్ దాదాపు ఎర్రగా అయిపోయింది, ఎందుకంటే ఒక బిళ్ళ తాలూకు నలభై నిమిషాలు అయ్యీ అవగానే ఇంకోటి పడుతోంది. మధ్యాహ్నం తర్వాత కొంచెం తక్కువ. బిళ్ళలవే ఏడు గంటలు దాటాయి. మేడమ్ పేపర్‌లో మూడు చిన్న ముక్కలు ఎర్రగా ఉన్నాయి, మధ్యలో గంటలకి గంటలు ఖాళీ. ఆయన ఆదివారం పేపర్ ఇంకా ముఖ్యం: ఆ రోజు క్లాసుల్లేవు, బిళ్ళల్లేవు, నోరు దాదాపు మొత్తం ఖాళీ. ఇద్దరికీ అన్నం, ఇడ్లీ వల్ల వచ్చే యాసిడ్ కూడా ఉంటుంది కానీ అది ఇద్దరికీ సమానమే కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేశాం. ఇదంతా ఉజ్జాయింపు లెక్కేనండి, ఒక్కో మనిషికీ ఒక్కో పన్నుకీ టైములు మారతాయి, కానీ మనిషికి అర్థం కావడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు.

భార్యాభర్తల్ని పోల్చితే ఏదీ రుజువైపోదు, ఇద్దరి లాలాజలం వేరు, పళ్ళు వేరు. దీనికి పెద్ద ఆధారం స్వీడన్‌లో లుండ్ దగ్గర విపేహోల్మ్ అనే సంస్థలో 1940లలో చేసిన పరీక్ష, ఫలితాలు 1954లో వచ్చాయి. అక్కడ ఉన్నవాళ్ళు మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్ళు, వాళ్ళ అంగీకారం లేకుండా వాళ్ళ పళ్ళు పుచ్చేలా తిండి పెట్టారు, అది ఘోరం, ఇవాళ ఎవరూ చేయకూడని పని, ఆ సంగతి చెప్పకుండా ఆ ఫలితం వాడుకోవడం నాకు ఇష్టం లేదు. తేలింది ఏంటంటే భోజనంతో పాటు ద్రవంగా పంచదార బాగా ఎక్కువ ఇచ్చినా కొత్త పుచ్చు పెద్దగా పెరగలేదు, అదే భోజనానికీ భోజనానికీ మధ్యలో పళ్ళకి అతుక్కునే టాఫీలు పదేపదే ఇస్తే విపరీతంగా పెరిగింది, ఆ టాఫీలు ఆపాక మళ్ళీ తగ్గింది.

మొదటి ప్లాన్, అది నిలవకపోవడం

పన్ను పుచ్చి రంధ్రం పడ్డ చోట గ్లాస్ అయానమర్ సిమెంట్ పెట్టాను. ఖరీదైన కాంపోజిట్ అప్పుడే ఎందుకు పెట్టలేదంటే చిగురు అంచున తడి ఆపడం కష్టం, పైగా కారణం ఇంకా ఆగలేదు, గ్లాస్ అయానమర్ అయితే కొంత ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. సుద్ద మచ్చలు ఉండి పైపొర విరగని చోట డ్రిల్లు ముట్టించలేదు, అవి వెనక్కి రావచ్చు కాబట్టి. వాటి మీద 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూసి మూడు నెలలకోసారి రమ్మన్నాను. ఇంకోటి, ఆయన రాత్రి బ్రష్ చేసి చెంబుడు నీళ్ళతో గరగరా పుక్కిలించేవారు. మన దగ్గర దొరికే పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాకానే ఉంటుంది, ఆ ఉన్నది కూడా కడిగేసుకుంటే ఏం మిగులుతుంది? నురగ ఉమ్మేసి ఊరుకోమన్నాను, తర్వాత నీళ్ళు కూడా తాగకుండా పడుకోమన్నాను.

బిళ్ళలు మొత్తం ఆపేయమన్నాను. వారం పది రోజులు ఆపారు. తర్వాత గొంతు బొంగురుపోయి క్లాసులో మాట రాక మళ్ళీ ఇంకేదో వెతుక్కున్నారు. వార్నిష్‌కి వచ్చిన రోజున గాలి కొట్టి చూస్తే మచ్చలు అలాగే సుద్దలా ఉన్నాయి, పైగా కుడి పైదవడలో ఒకటి ఇంకొంచెం సాగింది. "బిళ్ళ ముట్టలేదండి, ఒట్టు" అన్నారు. నిజమే, బిళ్ళ ముట్టలేదు. మేడమ్ చెప్పారు: "బిళ్ళల్లో కెమికల్స్ ఉంటాయని అల్లం మురబ్బా తెప్పించానండి, గొంతుకి మంచిదని, చిన్న చిన్న ముక్కలు చేసి డబ్బాలో పెట్టిస్తున్నా. పంచదారది కాదు, బెల్లంది."

ఈ మాట నేను వారానికి ఒకసారైనా వింటాను, తేనె అయినా, తాటిబెల్లం అయినా, ఖర్జూరం అయినా. ఒంటికి వాటివల్ల ఏ మేలు ఉందో అది వేరే చర్చ, పాచిలో బాక్టీరియాకి మాత్రం బెల్లం అంటే ఎక్కువగా సుక్రోజే, పంచదారా అదే. పైగా మురబ్బా బిళ్ళ కంటే ఎక్కువ అంటుకుంటుంది, పంటి సందుల్లో చిగురు అంచున ఇరుక్కుని ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అంటే గుంటల సంఖ్య అంతే ఉంది, ఒక్కో గుంట వెడల్పు పెరిగింది.

ఇక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, ఆయన తినాలని తినట్లేదు, గొంతు ఎండి తింటున్నారు, కాబట్టి ఏది ఆపమన్నా దాని చోటులోకి ఇంకోటి వస్తుంది. ముందు ఎండటం ఎందుకో చూడాలి. మళ్ళీ అడిగాను, ఈసారి "మందులు" అనకుండా "రాత్రి పడుకునే ముందు ఏమన్నా మింగుతారా" అని. ఆయన ఆలోచిస్తుండగానే మేడమ్ అందుకుని, "ఆ సుద్ద డస్టుకి తుమ్ములని రోజూ ఒక సెట్రిజిన్ వేసుకుంటారు కదండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని, ఏళ్ళ తరబడి" అన్నారు. ఆయన దృష్టిలో అది మందు కాదు, తుమ్ముల బిళ్ళ. సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలకి నోరెండటం తెలిసిన సైడ్ ఎఫెక్టే. లాలాజలం తగ్గితే రెండు నష్టాలు ఒకేసారి: గొంతెండి బిళ్ళ పెట్టుకోవాలనిపిస్తుంది, ఆ బిళ్ళ వల్ల వచ్చిన యాసిడ్‌ని కడిగే నీరు కూడా నోట్లో ఉండదు. నేను గ్రాఫులో కోలుకోవడానికి అరగంట అని వేసింది ఈయన విషయంలో చాలా తక్కువ లెక్క అన్నమాట.

పనిచేసింది

మాత్ర నేను ఆపించలేదు, ఆ నిర్ణయం నాది కాదు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి లెటర్ రాసి పంపాను, నోటి పరిస్థితి, లాలాజలం కొలత రాసి. ఆయన పరీక్ష చేసి రోజూ వేసుకునే మాత్ర తీసేసి ముక్కులో కొట్టుకునే స్ప్రేకి మార్చారు, గొంతు చించుకుని అరవొద్దని కాలర్ మైక్ పెట్టుకోమన్నారు. మైక్ సంగతి నాకు తట్టలేదు, కానీ దాని వల్ల చాలా తేడా వచ్చింది, సగం బిళ్ళలు గొంతు అలసట వల్లే పడుతున్నాయి కాబట్టి.

క్లాసులో బిళ్ళ బదులు మంచినీళ్ళ సీసా, బోర్డు మీద ఒక లెక్కో పాయింటో అయిపోయినప్పుడల్లా ఒక గుక్క. క్లాసుకీ క్లాసుకీ మధ్య పంచదార బదులు జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ పది నిమిషాలు. నమలడం వల్లే లాలాజలం ఊరుతుంది, జైలిటాల్‌ని ఆ బాక్టీరియా యాసిడ్‌గా మార్చలేదు. క్లాసులో నమలడం బాగుండదు అన్నారు, అందుకే మధ్యలో మాత్రమే. మరీ తప్పకపోతే షుగర్ ఫ్రీ బిళ్ళ వాడమన్నాను, కానీ వెనకాల లేబుల్ చదివి కొనమన్నాను. ఐసోమాల్ట్, సార్బిటాల్, జైలిటాల్ ఉంటే సరే, నిమ్మ ఫ్లేవర్‌లో సిట్రిక్ యాసిడ్ ఉన్నవి వద్దు, అవి పంచదార లేకుండానే నేరుగా పన్నుని కరిగిస్తాయి. ఏ బిళ్ళ అయినా ఒకే బుగ్గన దాచొద్దు.

చివరిది చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. "మురబ్బా ఇష్టమైతే మధ్యాహ్నం అన్నం అయిపోగానే తినండి సర్, మీ ఫిజీషియన్ ఎంత వరకు పర్లేదంటే అంత, నా వైపు నుంచి అభ్యంతరం లేదు. మూడింటికి ఒక చిన్న ముక్క మాత్రం వద్దు." డెంటిస్ట్ స్వీటు తినమనడం ఏంటి అన్నట్టు చూశారు. అన్నంతో అప్పటికే పీహెచ్ ఎలాగూ పడుతుంది, నమలడం వల్ల లాలాజలం కూడా బాగా ఊరి ఉంటుంది, అదే గుంటలో ఈ తీపి కూడా కలిసిపోతుంది, కొత్త గుంట పడదు. చివర్లో మజ్జిగో పెరుగో తింటే ఇంకా మంచిది. ఇలా ఒక టైమ్ ఇవ్వకుండా ఊరికే వద్దు అంటే మనుషులు దొంగతనంగా కొంచెం కొంచెం కొరుకుతారు, పన్నుకి అదే అన్నిటికంటే నష్టం.

మూడు నెలల తర్వాత డైరీ మళ్ళీ రాయించాను. పదకొండుసార్లు ఉన్న తీపి రెండుకి వచ్చింది, ఒకటి లంచ్ తర్వాత మురబ్బా, రెండోది అప్పుడప్పుడు టిఫిన్‌తో. గ్రాములు పెద్దగా తగ్గలేదు, కొన్ని రోజుల్లో ముందుకంటే ఎక్కువే ఉన్నాయి. ఆరు నెలలకి లాలాజలం కొలిస్తే నిమిషానికి 0.3కి దగ్గరగా వచ్చింది. గాలి కొట్టి చూస్తే కింది రెండు పళ్ళ మీద మచ్చలు నున్నబడ్డాయి, ప్రోబ్ జారిపోతోంది, ఒకదానికి లేత గోధుమరంగు పడింది. అది చూసి ఆయన మళ్ళీ పుచ్చిందేమో అని కంగారుపడ్డారు, కాదు, అది ఆగిపోయిన గుర్తు, దాన్ని గీకించుకోవద్దు అని చెప్పాను. కుడి పైదవడలో సాగిన మచ్చ మాత్రం వెనక్కి రాలేదు, పైపొర విరిగింది, దానికి ఫిల్లింగ్ చేయాల్సి వచ్చింది. ఏడాదికి బైట్‌వింగ్ ఎక్స్‌రేలు తీస్తే కొత్తది ఒక్కటి కూడా లేదు.

ఈ కేస్‌ని ఎంతవరకు నమ్మొచ్చు

స్ప్రే, మైక్, నీళ్ళు, గమ్, వార్నిష్, పుక్కిలించకపోవడం, తీపి టైములు మార్చడం, ఇవన్నీ దాదాపు ఒకేసారి చేశాం. అందుకని ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. కానీ ఒక ఆధారం ఉంది. మొదటి మూడు నెలలు వార్నిష్, పుక్కిలించకపోవడం రెండూ నడుస్తూనే ఉన్నాయి, మధ్యలో మురబ్బా ముక్కలు పడుతున్నంతకాలం మచ్చలు ఆగలేదు. కాబట్టి ఈయన విషయంలో ఫ్లోరైడ్ ఒక్కటే చాలలేదు అనగలను.

అలాగని పంచదార ఎంతైనా తినొచ్చు అని దీన్ని ఎవరూ చదవొద్దు. మొత్తం ఎంత తింటున్నారన్నది కూడా పళ్ళకి లెక్కే, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో విడిగా కలిపే పంచదార, తేనె, పళ్ళరసాల్లో ఉండే తీపి అన్నీ కలిపి రోజువారీ కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపైతే ఇంకా మంచిదని చెప్పింది. మామూలుగా జనంలో చూస్తే ఎక్కువసార్లు తినేవాళ్ళే ఎక్కువ తింటారు కూడా, రెండూ కలిసే నడుస్తాయి, అందుకే విడదీయడం కష్టం. ఈయన కేస్‌లో అవి విడిపోయి కనిపించాయి, తక్కువ తీపి ఎక్కువసార్లు, అందుకే రాస్తున్నాను. ఇంకో మాట, లాలాజలం బాగా ఉండి రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్ట్ వాడేవాళ్ళు రోజుకి కొన్నిసార్లు ఎక్కువ తిన్నా తట్టుకుంటారు. నోరెండేవాళ్ళకి ఆ వెసులుబాటు ఉండదు. బీపీకి, డిప్రెషన్‌కి, అలర్జీకి ఏళ్ళ తరబడి మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు పిప్పరమెంట్ బిళ్ళ చప్పరిస్తూ కనపడితే నేను ఇప్పుడు ముందు చిగురు అంచులే చూస్తాను. వయసు మీద పడి చిగురు జారి వేరు బయటపడ్డవాళ్ళకైతే ఇంకా జాగ్రత్త కావాలి, వేరు మీద ఎనామెల్ ఉండదు కాబట్టి పీహెచ్ 6 పైన ఉండగానే కరగడం మొదలవుతుంది.

లెక్చరర్ గారిని ఇంకా మూడు నెలలకోసారే రమ్మంటున్నాను, ఆరుకి పెంచలేదు. ఫిబ్రవరి మార్చిలో పబ్లిక్ పరీక్షల ముందు రివిజన్ క్లాసులు రాత్రి తొమ్మిదింటి దాకా పోతాయి, మైక్ చార్జింగ్ అయిపోతుంది, ఎవరో ఒక బిళ్ళ చేతిలో పెడతారు. అందుకని జనవరిలోనే ఒకసారి వార్నిష్ పూసి, డైరీ ఇంకో మూడు రోజులు రాయించి పంపిస్తున్నాను.